కట్టేసిన వాల్వు

సూర్యాపేటలో హైవే పక్కనున్న ఆ పాత దవాఖానలో నేను రెండువేల ఒకటిలో చేరాను. ఏసీ ప్లాంటు సూపర్‌వైజర్ అని పేరు. మీసాలు సరిగ్గా రాలేదు గానీ ముక్కు మీద కోపం మాత్రం అప్పటికే పూర్తిగా వచ్చేసింది. ఈ రోజుకీ ఎక్కడైనా తడి సిమెంటు, గ్రీజు కలిసిన వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. అది మా ప్లాంటు గది వాసన. దానికి కాకా టిఫిన్ డబ్బాలోంచి వచ్చే పచ్చిపులుసు వాసన కూడా కలిస్తే, ఇంక నేను ఎక్కడున్నానో మరిచిపోతాను.

కాకా అంటే మా ఆపరేటరు. నా తండ్రి వయసువాడు. మిర్యాలగూడ అవతల, సాగర్ ఎడమ కాలువ పిల్లకాలువకు ఆఖరున ఉన్న ఊరు ఆయనది. నాది తిరుమలగిరి. బోర్లేసి, ఎండిపోయి, మళ్ళీ బోర్లేసే ఊరు. అందుకే నీళ్ళ విషయంలో మా ఇద్దరి బుద్ధులూ వేరు. కుళాయి కారుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా నీళ్ళకు అడ్డుకట్ట వేస్తే ఆయనకు కడుపు తరుక్కుపోతుంది. ఈ తేడా మా ఇద్దరినీ ఎక్కడికి తెస్తుందో అప్పుడు తెలియదు.

ప్లాంటు సంగతి చెప్పాలి. అక్కడ రెండు చిల్లర్లు ఉండేవి. చిల్లర్ అంటే నీళ్ళను చల్లబరిచే యంత్రం. ఆ చల్లటి నీళ్ళను పంపులు గొట్టాల్లోంచి దవాఖాన అంతా తిప్పుతాయి. ప్రతి వార్డుకూ ఒక పెద్ద రేకు పెట్టె ఉంటుంది, అందులో ఒక ఫ్యానూ, రాగి గొట్టాల కాయిలూ ఉంటాయి. నీళ్ళు కాయిల్లోంచి పోతుంటే ఫ్యాను దానిమీదుగా గాలి కొడుతుంది. గాలి చల్లబడి వార్డుకు పోతుంది, గాలిలోని వేడిని మోసుకుని నీళ్ళు వెచ్చబడి వెనక్కి వస్తాయి. కట్టినప్పుడు ఎవరో గోడమీద నీలం పెయింటుతో రాశారు: పోయేది 7, వచ్చేది 12.5. అంటే ఏడు డిగ్రీల దగ్గర పోయిన నీళ్ళు అయిదున్నర డిగ్రీల వేడి మోసుకొస్తేనే పని జరిగినట్టు.

గంటగంటకూ ఆ రెండు అంకెలూ లాగ్ పుస్తకంలో రాయడం కాకా పని. ఆ పుస్తకానికి మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏ షిఫ్టులో ఏం జరిగినా, ఎవరి చేత్తో జరిగినా, ఆ షిఫ్టు ఆపరేటరు ‘నేను చేసిన’ అనే రాసి సంతకం పెట్టాలి. ఇదెక్కడి చోద్యమని నేను నవ్వితే కాకా అనేవాడు, "నా షిఫ్ట్‌ల అయింది నా పనే బిడ్డా. వేరేటోళ్ళ పేరు రాస్తే రేపు కొట్లాటలైతయి."

సంవత్సరాలు గడిచాయి. నా పక్కటెముకలు దేవుడెరుగు, ప్లాంటు గొట్టాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. లాగ్‌లో వెనక్కి వచ్చే నీళ్ళ అంకె మాత్రం ఏటికేడు కిందికి జారింది. పన్నెండు, పదకొండు, పది. చివరికి తొమ్మిదిన్నర. నేను దాన్ని రోజూ చూసేవాణ్ణి, చూసి సంతకం పెట్టేవాణ్ణి. చల్లగానే వస్తున్నాయి కదా, మంచిదే అనుకునేవాణ్ణి. ఎంత మొద్దు బుర్ర!

అసలు తంటా ఒక ఎండాకాలం వచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. ఆపరేషన్ థియేటర్ దవాఖానకు ఆ చివర, గొట్టాలకు ఆఖరున ఉండేది. రెండు చిల్లర్లూ, రెండు పంపులూ నడిస్తే థియేటర్ ఏదో ఒక మాదిరిగా ఉండేది. కరెంటు పోతే జనరేటరు ఒక్క చిల్లర్‌నీ, ఒక్క పంపునూ మాత్రమే మోయగలదు. అప్పుడు థియేటర్‌లో గోడలకు చెమట పట్టేది. బల్లమీద పేషెంటు, పైన లైటు పిడి నుంచి నీటి చుక్కలు.

థియేటర్ సిస్టర్ కోదాడ ఆవిడ. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒక రోజు మధ్యాహ్నం ప్లాంటు గదికే వచ్చి నిలబడింది. "ఏమండీ సూపర్‌వైజర్ గారూ, మీ మిషన్లు మంచుగడ్డలు చేస్తున్నాయా, లేక ఊరికే పాటలు పాడుతున్నాయా? గ్లవ్స్ లోపల డాక్టరు గారి చేతులు నానిపోతున్నాయి. ఇవాళ పొట్ట తెరిచిన మనిషి మీద చుక్క పడబోయింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను. రేపు కూడా పెట్టమంటారా?" నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఏవో సారు, అంటే దవాఖాన పరిపాలన చూసే పెద్దాయన, నన్ను పిలిచాడు. చిల్లర్ కంపెనీ ఇంజనీరు హైదరాబాదు నుంచి అప్పటికే వచ్చి, చూసి, మూడో చిల్లర్ పెట్టాలని చెప్పి వెళ్ళాడట. ఏవో సారుకు అనుమానం. "మిషన్లు బలహీనమా, నడిపే మనిషి బలహీనమా? సోమవారం లోపల నాకు రిపోర్టు కావాలి. ఆపరేటరు నిర్లక్ష్యమైతే ఆయన్ని ఇంటికి పంపించేద్దాం. పోయే వయసే కదా." కాకా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఆయనకు ఆ ప్లాంటు తప్ప వేరే లోకం లేదు. అయినా సరేనని తలూపి వచ్చాను.

ప్లాంటులోకి వచ్చి చిల్లర్ పక్కన నిలబడితే చెవికి ఏదో తట్టింది. తిరుగుడు తేలిగ్గా ఉంది. మీటరు చూస్తే కరెంటు సగమే లాగుతోంది. వెనక్కి వచ్చే నీళ్ళు చల్లగా ఉంటే ఆ మిషన్ తన సిలిండర్లలో కొన్నింటిని తానే పనినుంచి తప్పిస్తుంది. రెండు మిషన్లూ అదే తీరు. అక్కడ థియేటర్ ఉడికిపోతోంది, ఇక్కడ మిషన్లు సగం నిద్రపోతున్నాయి! మిషన్ చేతకానిదైతే ఏడు డిగ్రీల నీళ్ళు ఎలా ఇస్తుంది? చల్లదనం పుడుతోంది, కానీ అవసరమున్న చోటికి పోవడం లేదు. ఎక్కడో ఏ పనీ చేయకుండా తిరిగి వచ్చేస్తోంది.

ముందు థర్మామీటర్లు నిజం చెబుతున్నాయో లేదో తేలాలి. క్యాంటీన్ నుంచి మంచుగడ్డలు తెప్పించి, బాగా పగలగొట్టి, బకెట్లో నీళ్ళతో కలిపి థర్మామీటరు ముంచాను. సున్నా చూపించింది. అన్నిచోట్లా ఆ ఒక్కదాంతోనే కొలవాలని నిర్ణయించుకున్నాను, రెండు థర్మామీటర్ల మధ్య తగవు మనకొద్దు. గొట్టంలో థర్మామీటరు దూర్చే చిన్న గూటిలో రెండు చుక్కల నూనె పోసి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి, పెట్టె పెట్టెకూ తిరిగాను. నీళ్ళు లోపలికి ఎన్ని డిగ్రీల దగ్గర పోతున్నాయి, బయటికి ఎన్ని డిగ్రీల దగ్గర వస్తున్నాయి.

థియేటర్ కాయిల్లోంచి నీళ్ళు పద్నాలుగున్నర దగ్గర వస్తున్నాయి. అంటే దానికి అందే నీళ్ళు మరీ తక్కువ. పాపం, దొరికిన గుక్కెడు నీళ్ళతోనే మొత్తం వేడి మోస్తోంది. ప్లాంటుకు దగ్గరున్న వార్డుల్లో మాత్రం ఎనిమిది, ఎనిమిదిన్నర. అక్కడ ఏరు పారినట్టు నీళ్ళు పారుతున్నాయి. పైగా ఫిల్టర్లకు హైవే దుమ్ము దుప్పటిలా పట్టింది, రెండుచోట్ల ఫ్యాను బెల్టులు వదులు. గాలే ఆడకపోతే నీళ్ళు వేడిని ఎక్కడినుంచి తెస్తాయి? ఏ వార్డుకు ఎన్ని నీళ్ళు పోవాలో బిగించి పెట్టే చక్రాల వాల్వులు ఉంటాయి. దగ్గరి వార్డుల్లో ఒక్కోటీ ఆఖరి చుట్టుదాకా తెరిచి ఉంది.

నాకు కోపం నెత్తికెక్కింది. ప్లాంటుకొచ్చి అరిచాను. "కాకా, వార్డు వాల్వులన్నీ బార్లా తెరిచింది ఎవరు?"

"నేనే బిడ్డా." ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఉక్కపోస్తున్నదని వార్డు నుంచి ఫోన్ చేస్తరు. పోయి జర తిప్పుత. మళ్ళ చేస్తరు, మళ్ళ తిప్పుత."

"తిప్పితే తిప్పావు, మళ్ళీ మూయవా?"

"నీళ్ళు ఆపుడు నాతోని కాదు." కాకా గొంతు మెత్తగా వచ్చింది. "మా కాలువ మీద పైనోళ్ళు తూములు పగలగొట్టి మడులు నింపుకునేటోళ్ళు. కడకున్న మాకు వచ్చేటాల్లకు బురద. మా నాయన వరి కండ్ల ముందట ఎండిపోయింది. ఆ దినం ఒట్టు పెట్టుకున్న, నా చేతుల్తోని ఎవ్వలకు నీళ్ళు బంద్ చెయ్యనని."

ఇంకొకరైతే ఆ మాటకు కరిగేవారు. నేను కరగలేదు. "నీ ఒట్టు తగలెయ్య! నువ్వు ఇప్పుడు చేసిందీ అదే. పైనోళ్ళకు తూములు ఎత్తావు, కడన థియేటర్ ఎండిపోతోంది!" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. నన్ను చూసి, గొట్టాల వైపు చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "అవ్ గదా. థియేటరే కడ," అన్నాడు. నేను మాత్రం ఆ వేడిలోనే కూర్చుని రిపోర్టు రాశాను. ఆపరేటరు నిర్లక్ష్యం, వాల్వులన్నీ ఇష్టం వచ్చినట్టు తెరవడం. శనివారం సాయంత్రం ఏవో సారు బల్లమీద పెట్టి వచ్చాను. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ నా చెయ్యి నాకే అసహ్యం.

కానీ లెక్క ఇంకా కుదరలేదు. దగ్గరి వార్డుల నీళ్ళు ఎనిమిదిన్నర, నడుమ వార్డులవి పన్నెండు, థియేటర్‌వి పద్నాలుగున్నర, అన్నీ కలిస్తే తొమ్మిదిన్నర కన్నా కొంచెం పైకి రావాలి. ఇంకెక్కడి నుంచో ముట్టుకోని చల్లటి నీళ్ళు వచ్చి కలుస్తున్నాయి. ఆదివారం పొద్దున సిస్టర్ ఎదురై ఏదో మాటల్లో అంది: "పాత ప్రైవేటు వార్డు వైపు వెళ్ళకండి, మూసేసి రెండేళ్ళయినా ఆ తాళమేసిన గదిలో కప్పలు అరుస్తున్నాయి."

మండుటెండల్లో కప్పలా! తాళం చెవి తెచ్చి తెరిచాను. గదిలో నేలంతా నీళ్ళు, గోడలకు పచ్చటి నాచు. ఫ్యాను ఆగిపోయి ఉంది, చల్లటి కాయిలుకు పట్టిన చెమట మాత్రం ధారగా కారుతోంది. థర్మామీటరు పెట్టాను. లోపలికి ఏడు, బయటికి ఏడు. గాలి ఆడని కాయిల్లోంచి నీళ్ళు షికారు కొట్టి వెళ్తున్నాయి. ఫ్యాను ఆగితే తనంతట తానే మూసుకోవాల్సిన మోటారు వాల్వు ఎందుకు మూసుకోలేదు? టార్చి వేసి చూశాను. వాల్వును చేత్తో తెరిచే చిన్న మీటను కిందికి లాగి రాగి తీగతో కట్టేశారు.

ఎడమ చేతివాటం మెలిక. చివర చిన్న ఉంగరం.

అలా మెలి తిప్పినందుకే ఐటీఐలో మా మాస్టారు వేళ్ళమీద స్కేలుతో కొట్టేవాడు. ఆ మెలిక సూర్యాపేటలో ఇంకెవరిదీ కాదు. నాదే. చేరిన కొత్తలో, మొదటి ఎండాకాలం, ఆ వార్డు వాల్వు మోటారు కాలిపోతే పేషెంట్లు గోల చేశారు. రెండు రోజుల్లో కొత్త మోటారు వేస్తానని చెప్పి తీగతో కట్టి, ఆ తర్వాత పూర్తిగా మరిచిపోయాను.

సోమవారం పొద్దున్నే ఏవో సారు గదికి పరుగెత్తాను. కాకా అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. బల్లమీద నా రిపోర్టు. దాని పక్కన పాత లాగ్ పుస్తకం తెరిచి ఉంది.

"నీ రిపోర్టు కరెక్టే," అన్నాడు ఏవో సారు. "పాత పుస్తకాలు తిరగేయించాను. ఇదిగో, ప్రైవేటు వార్డు వాల్వు కట్టేసినట్టు ఆయనే రాసుకున్నాడు. దీన్ని మించిన సాక్ష్యం ఏం కావాలి?"

వంగి చూశాను. కాకా గుండ్రటి దస్తూరి: ‘ప్రైవేట్ వార్డ్ వాల్వ్ తీగతోని కట్టిన.’ కింద ఆయన సంతకం. ఆయన షిఫ్టులో జరిగింది కనుక ఆయన పనే.

కాకా వైపు తిరిగాను. "ఎందుకు చెప్పలేదు?"

"అప్పటికి నీ నౌకరి పక్కా కాలే గద బిడ్డా." వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. "చెప్తే పెద్దసార్లు నిన్నేమంటరో అని. తర్వాత నాకు గూడ యాది లేదు."

ఏడుపొచ్చింది. కోపిష్టోడికి ఏడుపొస్తే అది కూడా అరుపులాగే వస్తుంది. "సార్, ఆ తీగ కట్టింది నేను! రిపోర్టు రాసిందీ నేనే. ఆయన్ని పంపితే నన్ను ముందు పంపండి!" అని అరిచాను. ఏవో సారు అద్దాలు తీసి కాసేపు తుడుచుకున్నాడు. "అరవకు. తీగ విప్పితే థియేటర్ చల్లబడుతుందా? అది చెప్పు ముందు. చల్లబడితే ఇద్దరూ ఉండండి. లేకపోతే ఇద్దరి సంగతీ చూస్తాను." అద్దాలు పెట్టుకుని, "తప్పు వాల్వులదే అయితే మూడో చిల్లర్ అక్కర్లేదు, సరే, పెద్ద పంపన్నా పెట్టిద్దామా?" అని అడిగాడు.

వద్దన్నాను. పెద్ద పంపు పెడితే నీళ్ళు ఇంకా తొందరగా తిరిగొస్తాయి, ఇంకా చల్లగానే వస్తాయి, రోగం ముదురుతుంది. ఇప్పుడు రెండు పంపుల నీళ్ళు రెండున్నర డిగ్రీలు మోస్తున్నాయి. అదే వేడిని ఒక పంపు నీళ్ళు అయిదు డిగ్రీలుగా మోయగలవు. అప్పుడు ఒక్క చిల్లర్ నిండుగా పనిచేస్తే చాలు, జనరేటరు దాన్ని మోస్తుంది. ముందు ఖర్చు లేని మందులు వాడదాం అన్నాను.

నాలుగు రోజులు తిన్నామో లేదో తెలియదు. మూసేసిన వార్డు గొట్టాలను చేతి వాల్వులతో బిగించాం. ఫిల్టర్లు మార్చాం, కాయిళ్ళ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మును కడిగాం, బెల్టులు లాగాం. కాలిపోయిన వాల్వు మోటార్ల స్థానంలో కొత్తవి వేసి, ఫ్యాను ఆగితే వాల్వు మూసుకునేలా వైరు కలిపాం. ఒక్క జాగ్రత్త మాత్రం మరవలేదు: వార్డు వాల్వులన్నీ ఒకేసారి మూసుకుంటే చిల్లర్‌లో నీళ్ళు తగ్గి లోపలే గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. అందుకే వార్డులకు పోకుండానే నీళ్ళు వెనక్కి తిరిగే ప్లాంటు దగ్గరి బైపాస్ వాల్వు, మిషన్‌కు కనీసం కావలసినన్ని నీళ్ళు ఎప్పుడూ తిరిగేలా కొంచెం తెరిచి ఉంచాం.

మిగిలింది దగ్గరి వార్డుల చక్రాల వాల్వులు. గురువారం పట్టపగలు, రెండో చిల్లర్‌నూ, దాని పంపునూ ఆపేశాం. థియేటర్ దగ్గర సిస్టర్ నిలబడి ఫోన్లో అంకెలు చెబుతోంది. నేను మొదటి వాల్వు మీద చెయ్యి వేశాను.

"జరుగు," అన్నాడు కాకా. "నేను తెరిసిన, నేనే మూస్త."

ఆయన చక్రం తిప్పడం చూశాను. చుట్టు చుట్టుకూ ఆగేవాడు. నేను థర్మామీటరు చూసి చెప్పేవాణ్ణి, తొమ్మిది, పది, పదకొండున్నర. వార్డు నీళ్ళు వెచ్చబడగానే ఆపేసి, చక్రం మీద పెయింటుతో గుర్తు పెట్టి, పక్కదానికి. ఆఖరి వాల్వు దగ్గర చక్రం మీద రెండు చేతులూ వేసి ఆగాడు. పెదవులు కదులుతున్నాయి, నాయనను ఏదో అడుగుతున్నాడేమో.

ఫోన్ మోగింది. "గోడ ఆరిందండీ," అంది సిస్టర్. "లైటు పిడి పొడిగా ఉంది. ఇరవై రెండు చూపిస్తోంది. ఏం చేశారు?" కాకా ఫోన్ లాక్కున్నాడు. "కడకు అందినయా సిస్టరమ్మా?" అని అడిగాడు. అందాయని ఆవిడ చెప్పగానే చక్రం పక్కనే గట్టుమీద కూలబడ్డాడు. ప్లాంటుకు తిరిగొచ్చే నీళ్ళు పన్నెండుకు చేరాయి. గోడమీది నీలం రాతకు అర డిగ్రీ తక్కువ. ఇరవై ఏళ్ళ ప్లాంటుకు అది చాలు.

ఏవో సారు నా సర్వీసు ఫైల్లో ఒక మెమో పెట్టాడు. న్యాయమే. కాకా రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆ సాయంత్రమే నేను పాత లాగ్ పుస్తకం తీసి, ఆయన రాసిన లైను కింద ఎర్ర సిరాతో రాశాను: ‘కట్టింది ఈయన కాదు. నేను.’ సంతకం పెట్టాను. ఆయనకు చెప్పలేదు, ఆయనా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. చూడలేదనే అనుకున్నాను.

రెండువేల పద్నాలుగులో ఆ ప్లాంటును విప్పేశారు. కబురందిందేమో, కాకా మిర్యాలగూడ బస్సు దిగి, చేతికర్రతో నడిచొచ్చాడు. కోసేసిన గొట్టాల మధ్య తిరిగి, పెయింటు గుర్తున్న ఒక చక్రాన్ని తడిమాడు. మూలన కుప్ప పోసిన లాగ్ పుస్తకాల్లోంచి వెతక్కుండానే ఒకటి లాగి, నేరుగా ఆ పేజీ తెరిచాడు.

"మంచిగున్న పేజీని ఎర్రసిరా పోసి ఖరాబ్ చేసినవ్ గదరా," అన్నాడు.

ఆ పేజీ అంచులు చేతి తాకిడికి నలిగి మెత్తబడి ఉన్నాయి. చాలాసార్లు తెరిచిన పేజీ అది.